రీడింగ్ రూమ్ వై-ఫైకి అడ్రస్‌ల కరువు

సంపాదకులు గారికి నమస్కారం.

హనుమకొండలో మా అమ్మాయి చదువుకునే రీడింగ్ రూమ్‌లో ఉచిత వై-ఫై ఉంది. పొద్దున ఎనిమిదికి వెళ్తే బాగానే వస్తుంది. పదిన్నర దాటాక వచ్చినవాళ్ల ఫోన్లలో సిగ్నల్ నిండుగా ఉన్నా "Obtaining IP address…" దగ్గరే ఆగిపోతుంది. అడిగితే "మీ ఫోన్‌లోనే ఏదో ఉందమ్మా" అంటారట. నెట్ కనెక్షన్లు వేయడం నా పని కాబట్టి ఒక రోజు నేనే వెళ్లి చూశాను.

ఆ మాట కనిపించిందంటే పాస్‌వర్డ్ దాటి లోపలికి వచ్చేశామనే అర్థం. తర్వాత ఫోన్ "నాకో అడ్రస్ ఇవ్వండి" అని కేక వేస్తుంది. అడ్రస్ అంటే నెట్‌వర్క్‌లో ఆ ఫోన్‌ను గుర్తుపట్టే నంబర్, అది లేనిదే నెట్ నడవదు. రౌటర్‌లోని డీహెచ్‌సీపీ అనే సర్వీసు తన దగ్గరున్న అడ్రస్‌లలో ఒకటి ఇవ్వాలి. ఇక్కడ కేక వెళ్తోంది, జవాబు లేదు.

ఫోన్ సెట్టింగ్స్‌లో ఐపీని స్టాటిక్‌గా, అంటే అడ్రస్ మనమే ఇచ్చేలా మార్చి 192.168.1.200 అని, గేట్‌వే అంటే రౌటర్ సొంత అడ్రస్ 192.168.1.1 అని చేత్తో కొట్టాను. వెంటనే నెట్ వచ్చింది. అంటే బయటి లైన్ బాగుంది, మా అమ్మాయి ఫోనూ బాగుంది. అలా కొట్టినా రాకపోతే తప్పు వేరే చోట వెతకాలి. అయితే అందరూ ఇదే పని చేస్తే ఇద్దరికి ఒకే అడ్రస్ పడి ఇద్దరికీ నెట్ పోతుంది, కాబట్టి ఇది పరీక్షకే తప్ప మందుగా పనికిరాదు.

తర్వాత కాంట్రాక్టర్ మనిషి వచ్చి రౌటర్ పేజీ తెరిస్తే పక్కన నిలబడి చూశాను. అడ్రస్‌లు 192.168.1.100 నుంచి 192.168.1.149 వరకు, అంటే యాభై మాత్రమే. ఒక్కోటి ఇచ్చే గడువు 1440 నిమిషాలు, అంటే పూర్తిగా ఒక రోజు. అరగంట పేపర్ చదివి వెళ్లిపోయిన పెద్దాయన అడ్రస్ కూడా మర్నాటిదాకా ఆయన పేరునే ఉంటుంది. వెళ్తూ తిరిగిచ్చే అలవాటు ఫోన్లకు సాధారణంగా లేదు. ఫోన్ జేబులోంచి తీయకపోయినా పాత వై-ఫైకి దానంతటదే అతుక్కుంటుంది, అదీ ఒక అడ్రస్ తింటుంది. అందుకే కుర్చీలు సగం ఖాళీగా ఉన్నా అడ్రస్‌లు మాత్రం నిండిపోతున్నాయి.

రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే కాసేపు బాగవుతోంది, దాంతో అక్కడివాళ్లు రోజూ అదే చేస్తున్నారు. ఇలాంటి చిన్న రౌటర్లలో ఎవరికి ఏది ఇచ్చామన్న లెక్క చెరిగిపోయి మళ్లీ మొదటి నుంచి పంచుతాయి. యాభై మంది రాగానే కథ మొదటికే.

గడువును 60 నిమిషాలు చేసి, అడ్రస్‌లను 192.168.1.10 నుంచి 192.168.1.250 వరకు పెంచితే చాలు. కూర్చున్నవాళ్ల ఫోన్లు గడువు సగం కాగానే వాటంతటవే పొడిగించుకుంటాయి, వాళ్లకు తేడా తెలియదు. కొత్త పరికరం అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. కానీ ఆ మనిషి "ఆఫీసులో అడిగి మారుస్తా" అని వెళ్లాడు, మూడు వారాలైంది. రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ కాంట్రాక్టర్ దగ్గరే ఉంది. దాన్ని రీడింగ్ రూమ్ ఇన్‌చార్జికి ఇప్పించాలని అధికారులను కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, హనుమకొండ