రాత్రి నిద్ర కోసమని అమ్మిన ఇయర్‌బడ్స్‌పై ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: దిండు ఒత్తిడికి వాల్యూమ్ దానంతటదే పెరగడం, బ్యాటరీ రాత్రంతా రాకపోవడం గురించి.

నమస్కారం.

ఆరు వారాల క్రితం మీ కంపెనీ వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ కొన్నాను. మా ఆయన గురకకు నాకు నిద్ర పట్టదు. వాన శబ్దం సన్నగా పెట్టుకుంటే గురక వినపడదని ఆశపడ్డాను. పక్కకు తిరిగి పడుకున్నా హాయిగా ఉంటాయని, చార్జింగ్ రాత్రంతా వస్తుందని పెట్టె మీద మీరే రాశారు. ఆ రెండు మాటలు నమ్మే కొన్నాను.

ముందు బ్యాటరీ సంగతి. పెట్టె మీద 10 గంటలని పెద్ద అక్షరాల్లో ఉంది. నాయిస్ క్యాన్సిలేషన్ ఆపేసి, వాల్యూమ్ సగంలో పెట్టి కొలిచిన లెక్క అదని లోపలి కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంది. గురక వినపడకూడదని కొనేవాళ్లు దాన్ని ఎందుకు ఆపుతారు? మూడు రాత్రులు టైమ్ రాసుకున్నాను. పదిన్నరకు పెట్టుకుంటే నాలుగింటికి అటూ ఇటూగా అయిపోతున్నాయి, అంటే అయిదున్నర గంటలు. నిద్రలో ఉండగా చప్పుడు లేకుండా ఆగిపోతే నేను పట్టించుకునేదాన్ని కాదు. కానీ ఆగే ముందు "బ్యాటరీ లో" అని ఒక గొంతు చెవిలో గట్టిగా అరుస్తుంది. పగటిపూట ఫోన్ వాల్యూమ్‌ను 2 మీద పెట్టి విన్నాను, 10 మీద పెట్టీ విన్నాను. ఆ గొంతు రెండుసార్లూ ఒకే స్థాయిలో వచ్చింది. ఉలిక్కిపడి లేచాక మళ్లీ తెల్లారేదాకా నిద్ర లేదు.

దీనికంటే నన్ను ఎక్కువ భయపెట్టింది వాల్యూమ్. నా ఫోన్‌లో వాల్యూమ్‌కు 15 మెట్లున్నాయి. పడుకునేటప్పుడు ఎప్పుడూ 4 మీద పెడతాను. ఒకరోజు పొద్దున్నే చూస్తే 11 మీద ఉంది. ఫోన్ గదికి అటు చివర టేబుల్ మీద ఉంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఆరోజు మధ్యాహ్నం దాకా కుడి చెవిలో గుయ్‌మని మోత. ఈఎన్‌టీ డాక్టర్ గారు వినికిడి పరీక్ష చేసి, ప్రస్తుతానికి నష్టం లేదని, కానీ రాత్రి వాడకం ఆపేయమని చెప్పారు.

ఎందుకిలా జరిగిందో చూద్దామని పగలే బడ్స్ పెట్టుకుని, ఫోన్ కళ్లెదురుగా పట్టుకుని, కుడివైపు తిరిగి పడుకున్నాను. తల దిండు మీద ఆనగానే వాల్యూమ్ 4 నుంచి 5కి వెళ్లింది. కాస్త సర్దుకుంటే 6. కుడి బడ్ మీద వేలు నొక్కి పట్టుకుంటే వాల్యూమ్ పెరిగేలా మీరు పెట్టారు కదా, దిండు కూడా దానికి వేలులాగే కనిపిస్తోంది. పైగా చెవి రంధ్రం ముందుండే చిన్న బుడిపె కంటే బడ్ దాదాపు 4 మిల్లీమీటర్లు బయటికి పొడుచుకొచ్చి ఉంది. స్కేలు అడ్డంగా పెట్టి చూశాను. కాబట్టి దిండు ముందు తగిలేది బడ్‌కే. ఆ ఒత్తిడంతా చెవి లోపలి గుంటలో దిగి, గంటకల్లా నొప్పి మొదలవుతుంది. పొద్దున లేచేసరికి అక్కడ ఎర్రగా అచ్చు పడి ఉంటుంది. మీ కస్టమర్ కేర్ వాళ్లు చెప్పినట్టు చిన్న సైజు టిప్స్ మార్చాను. అవి రంధ్రంలోకి వెళ్లే భాగాన్నే మారుస్తాయి, బయటికి పొడుచుకొచ్చే భాగం తగ్గదు.

మెలకువగా ఉంటే శబ్దం పెరగ్గానే తగ్గించుకుంటాం. నిద్రలో ఎవరు తగ్గిస్తారు? పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ శబ్దం వారానికి 40 గంటలు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 3 డెసిబెల్స్ పెరిగితే ఆ సమయం సగానికి పడిపోతుంది. రాత్రికి 8 గంటల చొప్పున ఏడు రాత్రులు వాడితే 56 గంటలవుతుంది. అంటే 80 డెసిబెల్స్ కూడా ఎక్కువే. 83 అయితే వారానికి 20 గంటలే, అంటే రెండున్నర రాత్రులు. మరి మీ బడ్స్‌లో 11వ మెట్టు ఎన్ని డెసిబెల్స్? పెట్టె మీద గానీ, యాప్‌లో గానీ ఎక్కడా లేదు. నా దగ్గర కొలిచే సాధనం లేదు, మీ దగ్గర తప్పకుండా ఉంటుంది.

యాప్‌లో టచ్‌ను పూర్తిగా ఆపే వీలు లేదు, నొక్కితే ఏం జరగాలో మార్చుకోవడమే ఉంది. ఇప్పుడు వాల్యూమ్ బదులు పాజ్ పెట్టుకున్నాను. దాంతో అటు తిరిగినప్పుడల్లా వాన శబ్దం ఆగిపోయి గురక వినపడుతోంది.

స్లీప్ మోడ్‌లో టచ్ పనిచేయకుండా, నేను పెట్టిన మెట్టు దాటి వాల్యూమ్ పెరగకుండా, బ్యాటరీ హెచ్చరిక వినపడకుండా అప్‌డేట్ ఇవ్వండి. ఒక్కో మెట్టుకు ఎన్ని డెసిబెల్స్ వస్తాయో రాతపూర్వకంగా తెలపండి. బడ్ ఆకారాన్ని అప్‌డేట్‌తో మార్చలేరని నాకు తెలుసు. అందుకే వీటిని వెనక్కి తీసుకుని నా డబ్బు 15 రోజుల్లోగా వాపసు ఇవ్వమని కోరుతున్నాను. పైన చెప్పిన మార్పులు వీటినే చెవిలో పెట్టుకుని పడుకుంటున్న మిగతావాళ్ల కోసం. బిల్లు, డాక్టర్ గారి చీటీ, వాల్యూమ్ దానంతటదే పెరుగుతున్నప్పుడు తీసిన వీడియో దీనితో జతచేశాను.

ఇట్లు,
మీ వినియోగదారురాలు