బడ్జెట్ పెంచమనకండి, అడిగినదానికి జవాబివ్వండి

సపోర్ట్ టీమ్ వారికి,

"మీ టికెట్ పరిష్కారమైంది" అని నిన్న మళ్లీ మెసేజ్ పెట్టారు. ఎవరికి పరిష్కారమైందండీ, మీకా?

నేను అడిగింది ఒక్కటే. మీరు నడిపే మా యాడ్స్ ఏప్రిల్ రిపోర్టులో 15,000 ఖర్చుకి 63,000 అమ్మకాలు, అంటే యాడ్ మీద పెట్టిన రూపాయికి ఎన్ని రూపాయల అమ్మకమో చెప్పే రోయాస్ 4.2 అని పచ్చరంగులో వేశారు. మా నైటీల షాపులో ఆ నెల మొత్తం ఆర్డర్లు, వాట్సాప్‌లో అడిగి కొనే పాత కస్టమర్లతో సహా, 41,000. మిగతా 22,000 ఎవరు కొన్నారు?

దీనికి మీ మొదటి అబ్బాయి "లెర్నింగ్ ఫేజ్ మేడమ్, ఎవరికి చూపిస్తే కొంటారో యాడ్ ఇంకా నేర్చుకుంటోంది" అన్నాడు. సోషల్ యాడ్స్‌కి రోజుకి పెట్టేదే 300, దాన్ని నాలుగు యాడ్ సెట్లకి 75 చొప్పున పంచింది మీరే. ఒక్కో సెట్‌కి వారంలో 50 దాకా కొనుగోళ్లు పడితే గానీ ఆ ఫేజ్ దాటదట. డెబ్బై అయిదు రూపాయలతో ఎప్పటికి దాటుతుంది బాబూ అంటే, సీనియర్‌కి కలుపుతానని పాట పెట్టి వెళ్లిపోయాడు. ఆ సీనియర్ గారు ఫోనెత్తి, నా మాట సగం కూడా వినకుండా, రోజు బడ్జెట్ 1,500కి పెంచమన్నారు. తర్వాతి అమ్మాయి మొదట్నుంచీ మళ్లీ చెప్పమంది, చెప్పాను, డ్యాష్‌బోర్డ్ లింకే తిరిగి పంపింది. ఆ డ్యాష్‌బోర్డ్ మీదేనమ్మా నా గొడవంతా!

చివరికి నేనే కూర్చుని ఆర్డర్ నంబర్లు సరిచూశాను. 1,180 రూపాయల ఆర్డర్ ఒకటి. ఆవిడ ఆదివారం సోషల్ యాడ్ నొక్కింది, మంగళవారం మా షాపు పేరే టైప్ చేసి, పైన వచ్చిన సెర్చ్ యాడ్ నొక్కి కొంది. యాడ్ నొక్కిన ఏడు రోజుల్లోపు కొంటే తన అమ్మకంగానే లెక్కేసుకుంటుంది కాబట్టి సోషల్ ఖాతాలో 1,180, సెర్చ్ ఖాతాలో ఇంకో 1,180. మీరు రెండూ కూడేసి 2,360 చేశారు. మా పేరు వెతికి వచ్చేవాళ్లకి యాడ్ చూపించి ఆ గొప్ప కూడా మీ లెక్కలోనే వేసుకున్నారు, భలే.

పైగా క్యాష్ ఆన్ డెలివరీ పార్సిళ్లు 9,000 విలువైనవి తిరిగొచ్చాయి. మిగిలింది 32,000, అంతా మీ యాడ్స్ వల్లే అనుకున్నా రోయాస్ 2.1. నాకు వందకి నలభై మిగులుతుంది, అంటే 2.5 వస్తేనే యాడ్ ఖర్చు గిట్టుబాటు. 12,800 మార్జిన్ కోసం 15,000 పోశాను, మీ ఫీజు వేరే. దీనికి కంగ్రాట్స్ అని బొమ్మ ఒకటి పంపారు!

మీకు ఆఫీసు బోర్డు కూడా లేనప్పటి నుంచి ఉన్న కస్టమర్ని. మా చెల్లెలి బొటిక్‌నీ, మా వీధి బేకరీ ఆయన్నీ మీ దగ్గరికి పంపింది నేనే. పేరు పెట్టి పిలిచే మనిషి ఒక్కరైనా లేరా అక్కడ?

రెండు యాడ్ ఖాతాల అడ్మిన్ యాక్సెస్ నాకివ్వండి, అవి నా డబ్బుతో నడిచినవి. మా పేరు మీద వచ్చిన సెర్చ్ క్లిక్‌లు విడిగా, తిరిగొచ్చిన పార్సిళ్లు తీసేసి, ఏప్రిల్ లెక్క మళ్లీ పంపండి. ఫీజు సంగతి అది చూశాక మాట్లాడదాం. ఈ శనివారం దాకా చూస్తాను. తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, మీ పచ్చ రిపోర్టూ మా ఆర్డర్ల పుస్తకం ఫోటోలూ పక్కపక్కన పెట్టి మా వ్యాపారుల గ్రూపులన్నిట్లో వేస్తాను. బేకరీ ఆయన ఇప్పటికే అడుగుతున్నాడు.

ఈ టికెట్ మాత్రం మళ్లీ మూసేయకండి.