రాబడి పట్టిక పక్కన పొదుపు లెక్క కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో మ్యూచువల్ ఫండ్ల రాబడి పట్టికలు చూసి మా అక్క కొడుకు ఏడాదిలో రెండుసార్లు ఫండు మార్చాడు. ఉద్యోగంలో చేరి మూడేళ్లయింది. చేతికొచ్చే జీతం 50,000. ఫండులో నెలనెలా వేసే సిప్‌కు 10,000, రికరింగ్ డిపాజిట్‌కు 5,000 కడుతున్నాడు కాబట్టి 30 శాతం దాస్తున్నానని వాడి ధీమా. మొన్న ఉగాదికి వచ్చినప్పుడు ఇద్దరం కూర్చుని ఏడాది లెక్క తీశాం.

సిప్‌లో, డిపాజిట్‌లో కట్టింది 1,80,000. దీనికి వాడు మరిచిపోయిన పీఎఫ్ కలపాలి. జీతంలో కోసేది నెలకు 1,800. యజమాని కూడా 1,800 కడతాడు గానీ, అందులో 1,250 పెన్షన్ పథకానికి పోయి ఖాతాలో పడేది 550 మాత్రమే. అంటే ఏడాదికి 28,200. మొత్తం 2,08,200. కానీ అదే ఏడాది క్రెడిట్ కార్డు బాకీ, ఫోను వాయిదాలు కలిసి అప్పు 72,000 పెరిగింది. ఒక చేత్తో దాచి ఇంకో చేత్తో అప్పు తెస్తే అది పొదుపు ఎలా అవుతుంది? అది తీసేస్తే మిగిలింది 1,36,200. ఆదాయంలోనూ పీఎఫ్ కలిపితే ఏడాదికి 6,28,200. అసలు పొదుపు 22 శాతం లోపే! ఫండు విలువ మార్కెట్లో పెరిగిన మొత్తాన్ని ఇందులో కలపకూడదు. కలిపితే మార్కెట్ బాగున్న ఏడాది అందరూ పొదుపరులే.

ఇక వాడిని అంత తిప్పలు పెట్టిన రాబడి సంగతి. నెలకు 10,000 చొప్పున కడితే మొదటి ఏడాది చివర 8 శాతం రాబడికీ 12 శాతం రాబడికీ తేడా దాదాపు 2,300 రూపాయలు. పెరగడానికి అసలు సొమ్మే ఇంకా పోగవలేదు మరి. పదేళ్లకు 8 శాతం మీద 18.3 లక్షలు, 12 శాతం మీద 23 లక్షలు అవుతుంది. 12 శాతం వస్తుందని ఎవరూ హామీ ఇవ్వరు. అదే 8 శాతం మీద నెలకు 15,000 కడితే 27.4 లక్షలు. ఆ అదనపు 5,000 దాచడం మాత్రం చాలావరకు మన చేతిలో ఉన్న పని. పదిహేడో ఏటికి గానీ నెలకు 10,000 మీద వచ్చే 12 శాతం, 15,000 మీద వచ్చే 8 శాతాన్ని దాటదు. అప్పటినుంచి రాబడిదే పైచేయి, కాబట్టి మీ పట్టికలు అనవసరమని నేను అనను. అద్దె, అమ్మానాన్నల మందులు పోను ఏమీ మిగలని వాళ్లకు ఈ మాట చెప్పడం న్యాయం కాదని కూడా తెలుసు.

నా విన్నపం ఒకటే. ఏటా ఏప్రిల్‌లో, జీతం చీటీ, పీఎఫ్ పాస్‌బుక్, అప్పుల నిల్వ పక్కన పెట్టుకుని పాఠకుడు తానే పూరించుకునేలా పావు పేజీ ఖాళీ పట్టిక ఒకటి అచ్చు వేయండి. మావాడు ఇప్పుడు ఫండు మార్చడం ఆపి, ముందు కార్డు బాకీ తీరుస్తున్నాడు.

— ఒక పాఠకుడు, హనుమకొండ