గ్రోత్ షీట్ కొత్త కాపీ: LN, LOG10, EXP గడుల్లో ఏం మారింది

"మీ షీట్‌లో 24.49 నెలలు అని వస్తోంది. అదే లెక్క పక్క గడిలో నేను రాసుకుంటే 56.39 వస్తోంది. అంకెలన్నీ అవే. ఏది నమ్మాలి?"

24.49 నమ్మండి. రెండో గడిలో భాగహారానికి పైన LN, కింద LOG10 పడ్డాయి. మా షీట్ కొన్నవాళ్ల నుంచి ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే కాబట్టి, కొత్త కాపీ పంపేముందు ఆ గడి ఎలా పనిచేస్తుందో వివరంగా రాస్తున్నాం.

షీట్‌లో B1 మొదటి సంఖ్య, B2 నెలకు పెరిగే శాతం, B3 చేరాల్సిన సంఖ్య. ఉదాహరణకు ఇప్పుడు 1,200 మంది చందాదారులు ఉన్నారు, నెలకు 6% పెరుగుతున్నారు, 5,000 ఎప్పటికి చేరతారో కావాలి. ప్రతి నెలా ముందు నెల సంఖ్యను 1.06తో గుణిస్తూ పోతాం. ఎన్నిసార్లు గుణించాలన్నదే మనకు తెలియనిది, అది ఘాతంలో దాక్కుంది. ఘాతాన్ని కిందికి దించడానికే లాగ్ కావాలి. B4 గడిలో ఉన్న ఫార్ములా ఇది:

```
=LN(B3/B1)/LN(1+B2)
```

LN(5000/1200) అంటే 1.4271. LN(1.06) అంటే 0.05827. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 24.49. రెండుచోట్లా LN తీసేసి LOG10 పెట్టినా ఇదే జవాబు వస్తుంది. ఏ సంఖ్యకైనా దాని LN విలువ LOG10 విలువకు 2.302585 రెట్లు ఉంటుంది. భాగహారంలో పైనా కిందా ఒకే లాగ్ ఉంటే ఆ గుణకం కొట్టుకుపోతుంది. పైన ఒకటి, కింద ఇంకొకటి పెడితే అది మిగిలిపోయి, జవాబు అన్ని రెట్లు పెరుగుతుంది లేదా తగ్గుతుంది. 24.49ని 2.302585తో గుణించి చూడండి, 56.39 వస్తుంది. LN, LOG10 తారుమారైతే 10.64 వస్తుంది. మీ జవాబుకూ షీట్ జవాబుకూ మధ్య సరిగ్గా 2.3 రెట్ల తేడా కనిపిస్తే ఇక వేరే కారణం వెతకక్కర్లేదు.

ఈ కలగాపులగం ఎక్కువగా LOG దగ్గరే పుడుతోంది. ఎక్సెల్, గూగుల్ షీట్స్ గడుల్లో ఆధారం ఇవ్వకుండా LOG(x) అని రాస్తే ఆధారం 10. కానీ ఎక్సెల్ మాక్రోలు రాసే వీబీఏలో Log(x) అంటే సహజ లాగ్, అంటే గడిలో LN ఇచ్చేదే. పైథాన్‌లో math.log కూడా అంతే. ఒకే ఫైల్‌లో గడి ఒక లాగ్, మాక్రో ఇంకో లాగ్ వాడుతుంటే చూసేవాళ్లకు అనుమానం కూడా రాదు. అందుకే కొత్త కాపీలో ఒట్టి LOG ఎక్కడా లేదు. LN లేదా LOG10 అని పూర్తి పేరే ఉంటుంది. మీరు మార్చుకునే గడుల్లోనూ అలాగే రాయమని మా మనవి.

జవాబు సరైనదో కాదో చూసుకోవడానికి B5లో సరిచూపు గడి చేర్చాం:

```
=B1*(1+B2)^B4
```

ఇది తిరిగి 5,000 చూపించాలి. B4లో 56.39 ఉంటే ఇక్కడ సుమారు 32,000 వస్తుంది, తప్పు వెంటనే బయటపడుతుంది. లాగ్ ముట్టుకోకుండా సరిచూడాలంటే =NPER(B2,0,-B1,B3) కూడా 24.49 ఇస్తుంది. B1 ముందున్న మైనస్ మరిచిపోతే #NUM! వస్తుంది.

శాతం గడి గురించి ఒక మాట. B2లో 6% అని కాక ఒట్టి 6 అని పడితే షీట్ దాన్ని 600 శాతంగా తీసుకుంటుంది, జవాబు 0.73 నెలలు అవుతుంది. దానికి ఎర్రర్ రాదు, అదే దాని ప్రమాదం. ఇప్పుడు B2లో 1 కన్నా పెద్ద సంఖ్య పడితే గడి ఎర్రబడుతుంది.

EXP దగ్గర తేడా చిన్నదే, కానీ ఎర్రర్ రాదు కాబట్టి చాలామంది గమనించరు. కొందరు సంఖ్యను ఇలా రాస్తున్నారు:

```
=B1*EXP(B2*B4)
```

ఇది ప్రతి క్షణం పెరిగే లెక్క. నెలాఖరులో ఒకసారి పెరిగే లెక్క వేరు. EXP(0.06) విలువ 1.0618, అంటే నెలకు 6.18% పెరిగినట్టు. దాంతో కాలం కడితే 23.79 నెలలే వస్తుంది, దాదాపు మూడు వారాల తేడా. EXP వాడాలనుకుంటే ముందు రేటును =LN(1+B2)తో మార్చి, వచ్చిన 0.05827ని EXP లోపల పెట్టండి. అప్పుడు రెండు లెక్కలూ కలుస్తాయి.

పాత నెలల అంకెల నుంచి రేటు తీసే పేజీలోనూ ఇదే సూత్రం. ఆ పేజీలో A నిలువు వరుసలో నెల సంఖ్య, B నిలువు వరుసలో చందాదారులు ఉంటాయి. C2లో =LN(B2), దాని కింద గడుల్లోనూ అదే ఫార్ములా ఉంటుంది. తర్వాత:

```
=EXP(SLOPE(C2:C13,A2:A13))-1
```

SLOPE ఇచ్చేది క్షణక్షణ రేటు. EXP చేసి 1 తీసేస్తేనే అది నెలసరి శాతం అవుతుంది. SLOPE విలువ 0.048 అయితే నెలసరి శాతం 4.92. ఆ 0.048నే నేరుగా 4.8%గా మొదటి పేజీ B2లో వేస్తే కాలం 29.73కి బదులు 30.44 నెలలు చూపిస్తుంది. B వరుసలో ఒక్క నెల ఖాళీగా వదిలినా LN దాన్ని సున్నాగా తీసుకుని #NUM! ఇస్తుంది, SLOPE కూడా ఆగిపోతుంది. అక్కడ 1 అని నింపి ఎర్రర్ పోగొట్టకండి. LN(1) సున్నా కాబట్టి వాలు మొత్తం వంకరపోతుంది. ఆ నెల అడ్డు వరుసను తీసేయండి, కానీ మిగతా నెలల సంఖ్యలు అలాగే ఉంచండి.

ఈ షీట్ చేయలేనిది కూడా చెప్పాలి. C వరుసను గ్రాఫ్ వేసి చూడండి. చుక్కలు సరళరేఖ మీద ఉంటేనే ఈ నమూనా మీ అంకెలకు సరిపోతుంది. చివరి నెలల్లో గీత కిందికి వంగుతుంటే పెరుగుదల నెమ్మదిస్తోందని అర్థం. అలాంటప్పుడు B4 చూపించే కాలం కన్నా మీ లక్ష్యం ఆలస్యమవుతుంది, దాన్ని మా ఫార్ములా ఏదీ సరిదిద్దలేదు. గీత తిన్నగానే ఉన్నా రేటులో చిన్న తేడా కాలంలో పెద్దదవుతుంది. 1,200 నుంచి 5,000 చేరడానికి 5% అయితే 29.25 నెలలు, 7% అయితే 21.09 నెలలు. ఒకే అంకె చూసి ఖర్చులు నిర్ణయించుకోవడం సరికాదని మా అభిప్రాయం. అందుకే B4 పక్కన ఒక శాతం తక్కువ, ఒక శాతం ఎక్కువ అయితే ఎంతో చూపించే రెండు గడులు శాశ్వతంగా ఉంటాయి, వాటిని దాచే బటన్ ఇవ్వలేదు.

నెలాఖరులోనే లెక్కించేవాళ్లకు 24.49 అంటే 25వ నెల. 24వ నెల చివరికి 4,859, 25వ నెల చివరికి 5,150. దీనికి B6లో =ROUNDUP(ROUND(B4,9),0) పెట్టాం. లోపలి ROUND లేకపోతే సరిగ్గా పూర్ణాంకం రావాల్సిన చోట దశాంశాల చివర మిగిలే అతిచిన్న ముక్క వల్ల ఒక నెల అదనంగా పడొచ్చు.

పాత కాపీలో సొంత ఫార్ములాలు చేర్చుకున్నవాళ్లు కొత్త ఫైల్‌ను దాని మీద పెట్టేయకండి. B1, B2, B3 గడులు చోటు మారలేదు. B5, B6లో మీదేదైనా ఉంటే ముందు దాన్ని పక్క వరుసకు జరిపి, తర్వాత కొత్త ఫార్ములాలు అతికించుకోండి.