గుడిని విప్పడం సులువని ఎవరూ చెప్పకూడదు: పురావస్తు శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

పాత గుళ్ల కొలతలు తీసి నక్షాలు గీయడం నా పని. రిజర్వాయరు నీళ్లు వస్తాయన్నా, రోడ్డు వెడల్పు చేస్తామన్నా, మధ్యలో గుడి అడ్డం వస్తే అధికారులు చెప్పే మాట ఒక్కటే. "ఏం ఇబ్బంది లేదు, రాయి రాయి విప్పి పక్కన కట్టేస్తాం." ఆ మాట ఎంత తేలిగ్గా వస్తుందో చూసి భయమేసింది, అందుకే మీకు ఈ లేఖ రాస్తున్నాను.

మన దగ్గర దీనికి దారి తెలియక కాదు. శ్రీశైలం జలాశయం ఒక్కదాని కిందే మూడు రకాల నిర్ణయాలు జరిగాయి. తుంగభద్ర, కృష్ణ కలిసే చోట ఉండే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి ఆలంపూర్‌లో మళ్లీ కట్టారు. పాపనాశి గుళ్లనూ అలాగే ఎత్తి పైకి తెచ్చారు. ఆలంపూర్ నవబ్రహ్మ ఆలయాలను మాత్రం కదపలేదు, ఊరికీ నీళ్లకీ మధ్య కరకట్ట వేశారు. ముచ్చుమర్రి దగ్గరి మరో సంగమేశ్వరం గుడిని ఉన్నచోటే వదిలేశారు. అది ఏటా జలాశయంలో మునుగుతుంది, వేసవిలో నీరు తగ్గితే బయటపడుతుంది, అప్పుడు అక్కడ పూజలు జరుగుతాయి. ఈ మూడింటిలో ఏది సరైందని నన్నడిగితే, ముందు కరకట్ట గురించి ఆలోచించమంటాను. గుడిని కదపకుండా నీటిని ఆపగలిగితే అదే మేలు. కట్ట ఉందని నిశ్చింతగా ఉండటానికీ లేదు. 2009 అక్టోబరు వరదల్లో ఆలంపూర్‌ను నీళ్లు ముంచెత్తాయి. కట్ట కట్టాక దాన్ని ఏటా చూసుకునే డబ్బు, మనిషి ఉండాలి.

ఇక విప్పక తప్పదనుకుందాం. పని ఎలా జరగాలో కాస్త వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే టెండర్లలో ఇది ఒక్క వాక్యంగా ఉంటుంది. మొదట ప్రతి గోడకూ, ప్రతి వరసకూ కొలతల నక్షా గీయాలి, ఫొటోలు తీయాలి. ఆ నక్షాలో ప్రతి రాయికీ ఒక నంబరు: ఏ దిక్కు గోడ, కింది నుంచి ఎన్నో వరస, ఆ వరసలో ఎన్నోది. ఆ నంబరును బయటికి కనిపించే చెక్కడం మీద కాకుండా, పక్క రాయితో ఆనుకునే ముఖం మీద వేయాలి. అదీ వానకు చెరిగిపోని రంగుతో. తర్వాత శిఖరం నుంచి కిందికి, కట్టిన క్రమానికి సరిగ్గా ఎదురుగా, ఒక్కొక్క వరసా దించాలి. దించిన రాళ్లను వరస తప్పకుండా నేల మీద పరచాలి. మళ్లీ కట్టేముందు ఒక్కో వరసనూ నేల మీదే ఒకసారి పేర్చి, అతుకులు కలుస్తున్నాయో లేదో చూసుకోవాలి. ఒక్కో అతుకు దగ్గర రెండు మిల్లీమీటర్లు ఎక్కువైతే ఇరవై రాళ్ల గోడలో దాదాపు నాలుగు సెంటీమీటర్లు పెరుగుతుంది. అప్పుడు మూల రాయి కూర్చోదు. సైట్‌లో తొందరపడే మేస్త్రీ దాని అంచు చెక్కేస్తాడు. వందల ఏళ్ల చెక్కడం అక్కడే పోతుంది.

అన్నిటికన్నా నష్టం కంటికి కనిపించని చోట జరుగుతుంది. పాత గోడల్లో చాలావరకు లోపలొక వరస, బయటొక వరస రాళ్లుంటాయి. మధ్యలో చిన్న రాళ్లు, మట్టి, కొన్నిచోట్ల ఇటుక నింపుతారు. ఆ పూడికకు ఎవరూ నంబరు వేయరు. విప్పగానే అది కుప్పగా పడిపోతుంది, కొత్త గోడలో దాని స్థానంలో కాంక్రీటు పోస్తారు. పునాది కూడా అంతే. కాకతీయుల గుళ్ల కింద ఇసుక నింపిన పునాదులుంటాయి, పైభారం అటూఇటూ కదిలినా అవి సర్దుకుంటాయి. ఆ ఇసుకను ఏ లారీలోనూ తీసుకెళ్లలేం. అంటే కొత్త చోట నిలబడేది పాత గుడి ముఖం, కొత్త కట్టడం ఒళ్లు. అందుకే విప్పే సమయంలోనే పూడికలో, పునాదిలో ఏముందో తవ్వి రాసుకోవాలి. నీళ్లు వచ్చాక ఆ అవకాశం ఎప్పటికీ రాదు.

సమయం సంగతి చూడండి. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో విప్పారు. దాన్ని ఎక్కడికీ తరలించలేదు, ఉన్నచోటే మళ్లీ కట్టడానికే విప్పారు. అది తిరిగి తెరుచుకున్నది 2024లో. అంత పేరున్న గుడికే, అదీ నగరం నడిబొడ్డున, పద్దెనిమిదేళ్లు పట్టింది. ఏ మారుమూల ఊళ్లోనో విప్పిన గుడి రాళ్లు ముళ్లపొదల్లో పడుంటే ఎవరు అడుగుతారు? నంబర్లు చెరిగిపోతే అవి మళ్లీ గుడి కావు, వట్టి రాళ్లే.

నాకు బాధ కలిగించే విషయం ఇంకొకటుంది. కూడవెల్లి ఆలయం ఆలంపూర్‌లో చక్కగానే నిలబడి ఉంది, ఆ పని చేసినవాళ్లకు దండం పెట్టాలి. అయితే రెండు నదులు కలిసే చోట స్నానం చేసి, తడిబట్టలతో మెట్లెక్కి దర్శనం చేసుకునే ఆ నడక దానితో పాటు రాలేదు. పక్క ఊళ్లవాళ్లూ రాలేదు. శ్రీశైలం ప్రాజెక్టు కింద మునిగిన ఊళ్లను 1981లో బలవంతంగా ఖాళీ చేయించారు. ఉద్యోగాలిస్తామని 1986లో జీవో 98 ఇచ్చారు, దాని కోసం నిర్వాసితులు దశాబ్దాల పాటు ఆఫీసుల చుట్టూ తిరిగారు. రాయికి నంబరు వేసి జాగ్రత్తగా దించిన ప్రభుత్వం, ఆ రాయి ముందు దీపం పెట్టిన మనిషిని ఎక్కడ దించిందో చూసుకోలేదు. గుడిని కాపాడామని చెప్పుకునే హక్కు అప్పుడు సగమే ఉంటుంది.

పూజలున్న గుడి అయితే ఆగమం ప్రకారం విగ్రహంలోని దైవశక్తిని కలశంలోకి తీసుకునే కళాకర్షణ చేసి, దేవుణ్ని బాలాలయం అనే తాత్కాలిక గుడిలో ఉంచి, కొత్త గుడి సిద్ధమయ్యాక ప్రతిష్ఠ చేసే పద్ధతి మనకుంది. యాదాద్రిలో ఏళ్ల తరబడి బాలాలయంలో పూజలు సాగడం అందరం చూశాం. కానీ ఏ ఊళ్లో, ఏ దిక్కున, ఎవరికి దగ్గరగా ప్రతిష్ఠ చేయాలన్నది ఆగమం ఒక్కటే తేల్చేది కాదు. దాన్ని తేల్చాల్సింది ఆ గుడికి వెళ్లే ఊరివాళ్లు. పోచమ్మ, మైసమ్మ గుళ్లయితే మరీను. వాటికి ఆ వేపచెట్టు, ఆ పొలిమేరే గుడి.

రోడ్ల విషయం వేరు. నీటి మట్టం ఎవరి మాటా వినదు, రోడ్డు వింటుంది. నక్షా దశలో రోడ్డును కాస్త పక్కకు జరిపితే చాలాసార్లు గుడిని ముట్టుకోవాల్సిన అవసరమే రాదు. భూసేకరణ అయ్యాక, కాంట్రాక్టరు మెషిన్లు దింపాక ఆ దారి మూసుకుపోతుంది. కేంద్ర రక్షిత కట్టడానికైతే చుట్టూ వంద మీటర్ల నిషేధిత పరిధి చట్టంలో ఉంది. ప్రమాదంలో పడేవి మాత్రం ఎక్కువగా ఏ జాబితాలోనూ లేని ఊరి గుళ్లు.

కాబట్టి నేను అడిగేది ఇది. ఏ జలాశయానికైనా, రోడ్డుకైనా డీపీఆర్, అంటే ప్రాజెక్టు సమగ్ర నివేదిక, సిద్ధమయ్యే దశలోనే ఆ పరిధిలోని ప్రతి గుడినీ, జాబితాలో ఉన్నా లేకున్నా, మీ శాఖ వెళ్లి చూసి రాతపూర్వకంగా నివేదిక ఇచ్చేలా ఉత్తర్వు ఇవ్వండి. కదపకుండా ఉంచే దారులు ఏవేవి చూశారో, ఎందుకు కుదరలేదో అందులో రాయాలి. విప్పే పనిని రోడ్డు కాంట్రాక్టు బిల్లులో కలపకుండా, స్థపతులకు, కొలతలు తెలిసినవాళ్లకు విడిగా, సరిపడా గడువుతో ఇవ్వండి. తీసిన నక్షాలూ ఫొటోలూ ఒక ప్రతి మీ ఆఫీసులో, ఇంకొకటి ఆ ఊరి పంచాయతీలో ఉండాలి. కొత్త స్థలాన్ని గ్రామసభ తీర్మానం లేకుండా ఖరారు చేయకండి. నిర్వాసితుల కాలనీ ఎక్కడో తేలకముందు ఒక్క రాయి కూడా విప్పనివ్వకండి.

ఇట్లు,
పాత గుళ్ల నక్షాలు గీసే ఒక పౌరుడు