తీసేసిన నంబరు ఎడిట్ హిస్టరీలో ఇంకా కనిపిస్తోంది, మీవాళ్లు వినడం లేదు

కస్టమర్ సపోర్ట్ మేనేజర్ గారికి,

మీ సైట్‌లో మా అమ్మ పెట్టిన పచ్చళ్ల ఆర్డర్ల పోస్టు గురించే మళ్లీ రాస్తున్నాను. అందులో అమ్మ సొంత ఫోన్ నంబరు, ఇంటి అడ్రస్ ఉండేవి. వ్యాపారానికి వేరే సిమ్ తీసుకున్నాక పోస్టు ఎడిట్ చేసి కొత్త నంబరు పెట్టాం, అడ్రస్ తీసేశాం. అయినా ముక్కూమొహం తెలియనివాళ్లు రాత్రి పదింటికి పాత నంబరుకే ఫోన్ చేస్తున్నారు. మా చెల్లి తన ఫోన్‌లో ఆ పోస్టు పక్కన మూడు చుక్కలు నొక్కి ఎడిట్ హిస్టరీ తెరిస్తే నంబరు, డోర్ నంబరుతో సహా మొత్తం అక్కడే ఉంది.

చాట్‌లో మీ ఏజెంటు కాష్ క్లియర్ చేయమన్నాడు. ఇది మా ఫోన్‌లో సమస్య కాదు, మీ సర్వర్‌లో దాచిన పాత వెర్షన్ అని స్క్రీన్‌షాట్ పంపితే, "మీ పోస్టు సరిగ్గానే కనిపిస్తోంది మేడమ్" అన్నాడు. ఇంకొకామెకు మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాల్సి వచ్చింది. ఆవిడ పోస్టును Only Me చేయమంది. అప్పుడు హిస్టరీతో పాటు పోస్టూ ఎవరికీ కనిపించదు కదండీ, ఇక ఆర్డర్లు ఎలా వస్తాయి అంటే జవాబు లేదు. చివరికి డిలీట్ చేసి కొత్తది పెట్టుకోమన్నారు. దాని కింద ఏళ్ల తరబడి కస్టమర్లు రాసిన కామెంట్లన్నీ పోతాయి, అమ్మకు ఉన్న పేరంతా వాటిలోనే ఉంది. నేను ఇంకా టైప్ చేస్తుండగానే టికెట్ "పరిష్కారమైంది" అని మూసేసి, సేవకు స్టార్లు ఇవ్వమని మెసేజ్ పెట్టారు. నా ఒళ్లు మండిపోయింది.

హిస్టరీ ఎందుకు ఉంచుతారో నాకు తెలుసు. ఒక మాట రాసి లైకులు, కామెంట్లు వచ్చాక దాన్ని ఇంకోలా మార్చేసే మోసం జరగకుండా ప్రతి ఎడిట్‌నీ విడిగా దాస్తారు. అది మంచిదే. కానీ ఎడిట్ జరిగిందని చూపించడానికి అమ్మ ఇంటి అడ్రస్ చూపించక్కర్లేదు. ప్రోగ్రామర్లు వాడే గిట్‌హబ్ సైట్‌లో కామెంటు పైన edited నొక్కి, పాత వెర్షన్ ఎంచుకుని, Options లో Delete revision from history కొడితే ఆ వెర్షన్‌లోని రాత పోతుంది, ఎవరు ఎప్పుడు మార్చారన్నది మాత్రం మిగులుతుంది. కామెంటు రాసినవాళ్లే ఆ పని చేసుకోవచ్చు. వికీపీడియాలోనూ ఇలాంటి సొంత వివరాలున్న పాత కూర్పును నిర్వాహకులు దాచేస్తారు, వ్యాసం అలాగే ఉంటుంది.

ఇన్నేళ్లుగా పండగ పండగకీ మీకు డబ్బు కట్టి ప్రకటనలు ఇచ్చాం. ఆ డబ్బు తీసుకునేటప్పుడు ఏ ఏజెంటూ మమ్మల్ని ఇంకొకరి దగ్గరికి పంపలేదు.

పాత వెర్షన్లలోని రాతను మీవైపు నుంచే తీసేయండి. ఇదే లేఖ మీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు కూడా పంపుతున్నాను, 24 గంటల్లో అందినట్టు చెప్పాలని ఐటీ రూల్స్‌లోనే ఉంది. అక్కడా ఇదే తిప్పుడైతే కేంద్ర ప్రభుత్వం పెట్టిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి వెళ్తాను, ప్రకటనలు ఆపేస్తాను, మీ చాట్ స్క్రీన్‌షాట్లన్నీ ఆ పోస్టు కిందే పెడతాను.