డెలివరీ తర్వాత ఆఫీసుకి వెళ్ళే అమ్మలకి కుట్టే బట్టల గురించి మా షాపు నుంచి

"అక్కా, వచ్చే నెల నుంచి బ్యాంకుకి వెళ్ళాలి. పాత కుర్తీలు ఒక్కటీ ఛాతీ దగ్గర పట్టట్లేదు, జాకెట్లు అయితే హుక్కే పడట్లేదు. నా పాత కొలతలు మీ పుస్తకంలో ఉన్నాయి కదా, వాటికే రెండేసి అంగుళాలు పెంచి పది కుర్తీలు కుట్టేయండి, చాలదా?"

చాలదండి. ఇదే మాట ఈమధ్య చాలామంది మెసేజ్ పెడుతున్నారు, అందుకే అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నా, కొంచెం పెద్దదే అయినా చదవండి, ఎందుకంటే దీన్నిబట్టి మా షాపులో కొన్ని పద్ధతులు మారుస్తున్నాం.

మామూలుగా లావైనప్పుడు ఒళ్ళంతా కొంచెం కొంచెం పెరుగుతుంది, అప్పుడు పాత కొలతకి కలిపి కుట్టినా నడిచిపోద్ది. బిడ్డకి పాలిస్తున్న ఒంటికి అలా కాదు. భుజం దాదాపు అలాగే ఉంటుంది, చంక పెద్దగా మారదు, పెరిగేదంతా ముందు వైపు ఛాతీలో, తర్వాత నడుములో. ఈ మెసేజ్ పెట్టిన అమ్మాయినే షాపుకి రమ్మని కొలిచాను, తన పర్మిషన్ తీసుకునే చెప్తున్నా. పెళ్ళప్పుడు ఛాతీ 36, ఛాతీ పైన చంకల కింద నుంచి తీసే కొలత 34. ఇప్పుడు ఛాతీ 40, పైకొలత 35. భుజం అప్పుడూ ఇప్పుడూ పద్నాలుగున్నరే. అంటే ఒంటి ఫ్రేము ఒక్క అంగుళమే పెరిగింది, మిగతా మూడంగుళాలు ముందు భాగంలోనే ఉన్నాయి. ఈ తేడా పట్టించుకోకుండా ఏ టైలరైనా 40 సైజు డ్రాఫ్టు పెట్టి కోసేస్తే భుజం జారుతుంది, మెడ వెడల్పై వంగినప్పుడల్లా లోపలంతా కనిపిస్తుంది, చంక కిందకి దిగి చెయ్యి ఎత్తితే కుర్తీ మొత్తం పైకి లేస్తుంది. రెడీమేడ్ ఎక్స్ఎల్ కొన్నప్పుడు మీకు వచ్చే ఇబ్బంది కూడా అదే, ఛాతీకి సరిపోయేది తీసుకుంటే భుజాలు వేరేవాళ్ళవి అన్నట్టు ఉంటాయి.

పోనీ పాత జాకెట్టు పక్క కుట్లు విప్పి లూజు చేద్దామా అంటే, మేము జాకెట్లకి పక్కన మూడు వరుసల కుట్లు వేస్తాం కాబట్టి ఒక వరుస విప్పితే కొంత వస్తుంది, నిజమే. కానీ ఆ లూజు వచ్చేది చంక కింద, మీకు కావాల్సింది కప్పులో. అలా విప్పి వేసుకున్నాక అద్దంలో చూడండి, చంక నుంచి ఛాతీ మధ్యకి అడ్డంగా ముడతలు లాగుతున్నా, జాకెట్టు కింద పట్టీ ఛాతీ కిందకి దిగకుండా మీదకి ఎక్కుతున్నా ఆ జాకెట్టు ఇప్పటికి పక్కన పెట్టేయాల్సిందే. దాన్ని పాడు చేసుకోకండి, పాలు మానిపించాక మళ్ళీ పట్టే అవకాశం చాలా ఉంది. పెళ్ళి జాకెట్లు విప్పమని తెచ్చేవాళ్ళకి నేను అందుకే వద్దంటున్నా.

ఇక మారిన పద్ధతులు. డెలివరీ అయి ఏడాదిలోపు ఉన్నవాళ్ళకి ఆది జాకెట్టు మీద, పుస్తకంలో పాత కొలతల మీద కుట్టడం మానేస్తున్నాం, కొరియర్లో ఆది పంపేవాళ్ళకి కూడా ఇదే. మనిషి రావాలి. ఛాతీ కొలత రెండుసార్లు తీస్తాం, బిడ్డకి పాలివ్వకముందు ఒకసారి, ఇచ్చాక ఒకసారి, ట్రయల్ రూంలో కుర్చీ, ఫ్యాను ఉన్నాయి, బిడ్డని తీసుకునే రండి, తొందరేం లేదు. ఆ అమ్మాయికి పాలిచ్చాక తీస్తే 40 కాస్తా ముప్పై ఎనిమిదిన్నర అయింది. ఆఫీసులో మూడు నాలుగు గంటలు బిడ్డకి దూరంగా ఉన్నప్పుడు ఉండేది ఆ పెద్ద కొలతే కాబట్టి దాని మీదే రెండున్నర అంగుళాల లూజు ఇచ్చి కోస్తాం. ఆ టైంలో బిగుతుగా ఉన్న జాకెట్టో బ్రానో నొక్కి పెడితే పాలు గడ్డకట్టి నొప్పి వస్తుంది, అందుకని అందం కంటే ముందు ఇది చూడాలి. లోపల వేసుకునేది కూడా ఆఫీసుకి వేసుకెళ్ళేదే వేసుకుని రండి, అది మారితే కొలత మారిపోతుంది.

నడుము మాత్రం కూర్చోబెట్టి కొలుస్తాం. తనకి నిలబడితే 35, కుర్చీలో కూర్చుంటే 37. రోజంతా కౌంటర్లో కూర్చునే మనిషికి నిలబడిన కొలత ఇచ్చి ఏం లాభం? సిజేరియన్ అయినవాళ్ళు దయచేసి ఆ విషయం మొహమాటపడకుండా చెప్పండి. కుట్టు ఎక్కువమందికి పొత్తికడుపు కింద అడ్డంగా ఉంటుంది, కిందకి కట్టే లంగా బొందు, లెగ్గిన్ ఎలాస్టిక్ కూర్చున్నప్పుడు సరిగ్గా అక్కడికే జారి ఒరుసుకుంటాయి. అలాంటివాళ్ళకి ప్యాంటు నడుము పట్టీ బొడ్డు పైదాకా ఎత్తి, ముందు వైపు చదునుగా పెట్టి, ఎలాస్టిక్ వెనక వైపు మాత్రమే వేస్తున్నాం. చీర కట్టేవాళ్ళకి బొందు లంగా బదులు వెడల్పు పట్టీ లంగా కుడతాం, ముడి కూడా పక్కకి వస్తుంది.

ఇప్పుడు అసలు కుర్తీ. ఛాతీలో పెరిగిన మూడంగుళాలు ముందు భాగంలోనే చెరో వైపు ఒకటిన్నర చొప్పున కలపాలంటే మామూలు ఒక్క డార్ట్‌తో కుదరదు, ప్రిన్సెస్ కట్ కావాలి, అది కూడా చంక నుంచి వంపు తిరిగేది కాకుండా భుజం మీద నుంచి నిలువుగా దిగేది. దానికి కారణం జిప్పు. పాలివ్వడానికి, ఆఫీసులో పాలు తీసే పంపు పెట్టుకోవడానికి కనపడని జిప్పు ఆ కుట్టులోనే వేస్తాం, వంపు కుట్టులో వేస్తే జిప్పు అలలు అలలుగా ఉబ్బి దూరం నుంచే తెలిసిపోతుంది, నిలువు కుట్టులో వేస్తే మామూలు డిజైన్ గీతలానే ఉంటుంది. జిప్పు తెరుచుకునే పొడవు 8 అంగుళాలు పెడుతున్నాం. బిడ్డకి పాలివ్వడానికి అంతకంటే చిన్నదైనా చాలు గానీ, పంపు గరాటు లోపలికి వెళ్ళి నిలబడాలంటే ఆ మాత్రం ఉండాలి, బయట కొన్న ఫీడింగ్ కుర్తీలు ఆఫీసులో పనికి రావట్లేదు అనేవాళ్ళకి ఎక్కువగా ఇక్కడే తేడా కొడుతోంది. జిప్పు వెనకాల మెత్తని కాటన్ పట్టీ తప్పకుండా వేయాలి, లేకపోతే బిడ్డ బుగ్గకి, మీ ఒంటికి గీసుకుంటుంది. ఛాతీ ఎత్తుకి గుడ్డ పోతుంది కాబట్టి ముందు పొడవు వెనకకంటే ముప్పావు అంగుళం ఎక్కువ కోస్తాం, లేదంటే కుట్టాక ముందు అంచు పైకి లేచి పొట్ట ఇంకా పెద్దగా కనిపిస్తుంది. జిప్పు వద్దు అనేవాళ్ళకి ముందు బొత్తాల కుర్తీ కుడతాం, కానీ సరిగ్గా ఛాతీ మధ్యలో రెండు బొత్తాలకి నడుమ లోపల ఒక టిచ్ బటన్ పెట్టించుకోండి, నోరు తెరుచుకోకుండా ఉంటుంది.

చీరలకి అయితే హుక్స్ ముందే ఉండాలి, వెనక హుక్స్, కప్పు ప్యాడ్లు ఇప్పుడు ఎవరు అడిగినా నేను వద్దనే చెప్తా, ప్యాడ్ కప్పు సైజు ఒకటే, మీ సైజు పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి.

గుడ్డ విషయంలో నా ఓటు చిన్న చిన్న ప్రింటు దగ్గరదగ్గరగా ఉన్న కాటన్‌కే. పాలు లీకైతే లేత రంగు ప్లెయిన్ రేయాన్, క్రేప్ మీద రూపాయి బిళ్ళంత తడి కూడా మీటింగులో అందరికీ కనిపిస్తుంది, బ్రెస్ట్ ప్యాడ్ పెట్టుకున్నా ఒక్కోసారి పక్కకి జరిగిపోతుంది. పెడన కలంకారీ మనకి దగ్గరే కదా, ఆ నిండు ప్రింట్లు, ముదురు రంగుల్లో కనిపించదు. ప్లెయిన్ మంగళగిరి నాకూ ఇష్టమే కానీ ఈ కొన్ని నెలలు దానికి దుపట్టా తోడు ఉండాల్సిందే. కాటన్ అయితే నానబెట్టి ఆరబెట్టాకే కోస్తాం, దాంతో ఒక రోజు ఆలస్యం అవుతుంది. పాల మరక పడితే ముందు చన్నీళ్ళతో తీసేయండి, వేడినీళ్ళలో వేస్తే పట్టుకుంటుంది.

ఇక పది కుర్తీల మాట. వద్దమ్మా. జీతంతో సెలవు ఇచ్చే చట్టం 2017లో మారినప్పటి నుంచి మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాలు వస్తోంది కదా, అంటే మీరు ఆఫీసుకి వెళ్ళేది దాదాపు బిడ్డకి అన్నప్రాశన అయ్యే టైముకి. అక్కడి నుంచి బిడ్డ ఉగ్గు, అన్నం తినేకొద్దీ పాలు తగ్గుతాయి, ఛాతీ కొలత కూడా దిగుతుంది, ఎవరికి ఎంత, ఎప్పుడు అనేది నేను చెప్పలేను. మూడు కుర్తీలు, రెండు ప్యాంట్లు, రెండు జాకెట్లు, మార్చి మార్చి వేసుకుంటే వారం గడుస్తుంది. నాకు ఆర్డరు తగ్గుతుంది, తెలుసు, అయినా ఇదే చెప్తా. పక్క కుట్లలో ఒకటిన్నర అంగుళం గుడ్డ వదులుతాం, పాలు మానిపించాక తీసుకొస్తే జిప్పు తీసేసి, ఆ ప్రిన్సెస్ కుట్టులోనే మిగిలిన లూజు పట్టేసి మామూలు కుర్తీ చేసి ఇస్తాం. ఒకసారి ఆ ఆల్టరేషన్ ఫ్రీ. జిప్పు పీకిన చోట సన్నటి సూది గుర్తులు ప్లెయిన్ గుడ్డ మీద కొంచెం తెలుస్తాయి, ప్రింటు మీద తెలియవు, ముందే చెప్తున్నా.

జిప్పు కుర్తీకి మామూలు కుట్టుకూలి మీద 250 రూపాయలు ఎక్కువ అవుతుంది, రెండు జిప్పులు, లోపలి పట్టీ, ప్రిన్సెస్ కట్ పని అన్నీ అందులోనే. ఒక ట్రయల్ తప్పనిసరి, టాకా కుట్లతో వేసి చూపిస్తాం, అప్పుడు కుర్చీలో కూర్చుని, చేతులు పైకెత్తి, జిప్పు ఒక్క చేత్తో తీసి చూడాలి, రెండో చేతిలో బిడ్డో పంపో ఉంటుంది కాబట్టి. అందుకే ఆఫీసులో చేరడానికి మూడు వారాల ముందు రండి. మరీ ముందు, అంటే డెలివరీ అయిన రెండు మూడు నెలలకే కొలతలిస్తే వేసుకునే టైముకి నడుము మారిపోతుంది. రెడీమేడ్ కుర్తీకి జిప్పు వేయమని తెస్తే ముందు భాగంలో నిలువు కుట్టు ఉంటేనే తీసుకుంటాం, లేని దాన్ని మధ్యలో కోసి వేయలేం. మంగళవారం, గురువారం మధ్యాహ్నం 2 నుంచి 4 వరకు ఈ కొలతలకే ఉంచాం, ఆ టైములో మగవాళ్ళు ఎవరూ లోపల ఉండరు, కొలిచేది నేనే. వచ్చే ముందు ఒక మెసేజ్ పెట్టండి.